ఎదురు మాటా, సంజాయిషీయా? ఆట మధ్యలో ఆలుమగల కవ్వింపులు

అందరికీ నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయేది భార్యాభర్తలు ఆటలో ఒకరినొకరు ఉడికించుకునే మాటల గురించి. "నీ పని అయిపోయింది", "పది జన్మలెత్తినా నన్ను గెలవలేవు", "ఓటమి ఒప్పుకుంటే ఇప్పుడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను" లాంటివి. లూడో ఆడేటప్పుడు, క్విజ్‌లో పోటీ పడేటప్పుడు, ఎవరి వంట బాగుందో తేల్చుకునేటప్పుడు ఇవి వాటంతటవే వచ్చేస్తాయి.

దంపతులతో కూర్చుని మాట్లాడటం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పుకునేది పెద్ద గొడవల గురించే అయినా, మధ్యలో ఎక్కడో ఒక ఆట ప్రస్తావన వస్తుంది. కొందరు ముఖం వెలిగిపోతూ చెబుతారు, కొందరు గొంతు తగ్గించి చెబుతారు. అన్న మాటలు చూస్తే మాత్రం రెండు చోట్లా ఇంచుమించు అవే. ఒక ఇంట్లో పడీ పడీ నవ్వించిన మాట, ఇంకో ఇంట్లో మూడు రోజులు మాటల్లేకుండా చేస్తుంది. "ఆయన స్వభావమే అంత", "ఆమెకి సరదా తెలియదు" అని సరిపెట్టేసుకుంటారు. నేను గమనించినంతలో చాలాసార్లు కారణం స్వభావంలో ఉండదు. ఆ ఒక్క మాట ఎక్కడ తగిలింది, దానికి ఏం జవాబు వచ్చింది అన్న దాంట్లో ఉంటుంది. అందుకే ఎక్కడెక్కడికో పోకుండా ఒకే ఒక లూడో ఆటని దగ్గరగా చూద్దాం.

ముందు ఒక విషయం. గ్రెగరీ బేట్సన్ అనే మానవ శాస్త్రవేత్త 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక జూకి వెళ్లి, రెండు కోతిపిల్లలు కొట్టుకోవడం చూశారు. అవి నిజంగా కొట్టుకోవడం లేదు, కొట్టుకుంటున్నట్టు ఆడుకుంటున్నాయి. చూసే మనిషికే అది ఆట అని తెలిసిపోతోంది. మరి ఆ కోతులకి ఎలా తెలుస్తోంది? ఎదుటిది నిజంగానే కొరకబోతోందని ఎందుకు అనుకోవడం లేదు? 1955లో అచ్చయిన వ్యాసంలో ఆయన చెప్పింది ఏమిటంటే, అవి కొట్టుకుంటున్నంతసేపూ "ఇది ఆట" అనే ఇంకో కబురు కూడా ఒకదానికొకటి పంపుకుంటున్నాయి. ఆ కబురు అందుతున్నంతసేపే అది ఆట. అందడం ఆగిపోతే పంటి గాటు పంటి గాటే.

మనుషులం ఆ కబురుని గొంతుతో, మాట తీరుతో పంపుతాం. ఎప్పుడూ "నువ్వు" అని పిలిచే భార్య హఠాత్తుగా "తమరి కాయ ఎటు బయల్దేరిందో సెలవిస్తారా?" అంటుంది. భర్త టీవీలో కామెంటరీ చెప్పేవాడి గొంతు పెట్టి "ఇదిగో చూడండి, ఈమె ఆఖరి ఆశ" అంటాడు. ఇక అన్నిటికంటే గట్టి గుర్తు అతిశయోక్తి. "నేను పుట్టినప్పుడే నా చేతిలో పాచిక ఉంది" అంటే నమ్మేవాళ్లు ఎవరూ ఉండరు. ఎవరూ నమ్మలేనంత పెద్ద కోత కోసినప్పుడు అందులో విషం ఉండే అవకాశం చాలా తక్కువ. మాట నిజానికి ఎంత దూరంగా ఉంటే అంత సురక్షితం. ఇది కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు ఆ ఆట. నా దగ్గరికి వచ్చిన ఒక జంటది. వాళ్లెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను.

రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ లూడో వేసుకున్నారు. ఆట చివరికొచ్చింది. ఆయనవి మూడు కాయలు పండిపోయాయి. నాలుగోది చుట్టంతా తిరిగి, సొంత రంగు గళ్లలోకి మలుపు తిరగడానికి నాలుగు గళ్ల దూరంలో ఉంది. ఆ మలుపు తిరిగితే ఇక దాన్ని ఎవరూ చంపలేరు. ఆమెవి రెండే పండాయి. కానీ ఆమె మూడో కాయ సరిగ్గా ఆయన కాయకి మూడు గళ్ల వెనక ఉంది. పందెం ఆమెది. మూడు పడాలి. అంటే ఆరింట ఒక వంతు అవకాశం.

ఆమె పాచికని గుప్పిట్లో ఆడిస్తూ, "నీ కాయకి వీడ్కోలు సభ పెట్టించనా?" అంది.

ఆయన వెంటనే, "ముందు మూడు వెయ్యి. నీ చేతికి మూడు అంటే ఎలా ఉంటుందో కూడా తెలీదు" అన్నాడు.

వేసింది. మూడే పడింది. ఆయన కాయ చచ్చింది. "ఇంటికెళ్లి, స్నానం చేసి, కాసేపు పడుకుని నెమ్మదిగా రా" అంటూ దాన్ని తీసుకెళ్లి ఆయన మూలలో పెట్టింది. ఆయన నెత్తి కొట్టుకుని నవ్వాడు. "ఆరు పడనీ, నీ సంగతి చెప్తా" అన్నాడు.

ఇంతవరకూ ఆట అద్భుతంగా సాగుతోంది. ఒక మాటకి ఇంకో మాట పడుతోంది. ఆమె అన్నదంతా కాయ మీద. ఆయన అన్నది చెయ్యి మీద, అదీ ఎవరూ నమ్మని మాట. ఓడిపోతున్నవాడు కూడా నవ్వుతున్నాడు.

తర్వాత ఆయనకి ఆరు పడలేదు. కాయ బయటికి రావాలంటే ఆరు పడాల్సిందే కదా. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, వరసగా ఐదుసార్లు పడలేదు. లెక్క వేస్తే ఇది పెద్ద వింతేమీ కాదు, ఐదు పందేల్లో ఒక్క ఆరూ పడకపోయే అవకాశం దాదాపు నలభై శాతం ఉంటుంది. కానీ ఆట మధ్యలో కూర్చున్నవాడికి అలా అనిపించదు. పాచిక పగబట్టినట్టే ఉంటుంది. ఈలోపు ఆమె కాయలు వరసగా కదిలిపోతున్నాయి.

మూడో పందెం తర్వాత ఆమె, "పాచిక కూడా నీ మీద అలిగింది" అంది. ఆయన, "బతిమాలుకుంటున్నా, ఉండు" అన్నాడు. ఇది కూడా బాగానే ఉంది.

ఐదో పందెం తర్వాత ఆమె ఇలా అంది: "నీతో ఏ పనైనా ఇంతే, మొదలు కావడానికే ఒక యుగం పడుతుంది."

అదే గొంతు, అదే నవ్వు. ఆయన జవాబు మాత్రం మారిపోయింది. "పడకపోతే నేనేం చెయ్యను? నేనేమైనా కావాలని చేస్తున్నానా?"

ఆట ఆగిపోయింది అక్కడే. కాయలు ఇంకా కదులుతున్నాయి, పాచిక ఇంకా దొర్లుతోంది, ఇద్దరూ ఎదురెదురుగానే కూర్చున్నారు. కానీ ఆయన ఇక ఆడటం లేదు, తనని తాను కాపాడుకుంటున్నాడు. ఆమెకి అది కనబడలేదు. "అబ్బో, ఉడుక్కుంటున్నావ్" అని ఇంకో రెండు మాటలు వేసింది. ఆయన పాచికని విసిరినట్టు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆట ఎలాగో పూర్తి చేసి, బోర్డు మడిచే పని ఆమెకే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు రోజులు "ఊ", "ఆ" తప్ప మాట లేదు.

ఆమె నాతో అన్న మాట ఇది: "అంతకుముందు కాయని చంపి పండగ చేసుకుంటే నవ్విన మనిషి, ఈ చిన్న మాటకి ఎందుకలా అయిపోయాడు?"

మూడు మాటలనీ పక్కపక్కన పెట్టి చూడండి. వీడ్కోలు సభ మాట కాయకి తగిలింది. అలిగిన మాట పాచికకి తగిలింది. మూడోది మనిషికి తగిలింది. "ఏ పనైనా" అన్న చోట మాట బోర్డు దాటి బయటికొచ్చేసింది. లూడోలో ఆరు పడకపోవడానికీ, ఆయన పనులు మొదలుపెట్టే తీరుకీ ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం ఆమె కలిపింది. పైగా అది నమ్మదగ్గ మాట. ఆయన నిజంగానే ఒక పని ఎత్తుకోవడానికి నాలుగుసార్లు ఆలోచించే మనిషి. దాని మీద ఆ ఇంట్లో ఆటతో పని లేకుండానే మాటలు నడిచాయి. అంటే పగలు కోపంగా అన్న మాటే, రాత్రి నవ్వుతూ మళ్లీ వచ్చింది. అతిశయోక్తి ఇచ్చే రక్షణ దానికి లేదు.

అందుకే నేను జంటలకి ఒక పరీక్ష చెబుతుంటాను. అనబోయే మాట రేపు పొద్దున్న, ఆట ఏదీ లేనప్పుడు కూడా అనగలిగేదేనా? అనగలిగేదే అయితే ఇప్పుడు అనకండి. "నీ కాయకి వీడ్కోలు సభ" అనే మాట రేపు పొద్దున్నకి అర్థం లేని మాట. "నీతో ఏ పనైనా ఇంతే" అనే మాటకి పొద్దున్నా, సాయంత్రం కూడా అర్థం ఉంటుంది. "ఎప్పుడూ", "ఏ పనైనా", "నీకిది అలవాటే", "మీ వాళ్లంతా ఇంతే" అనేవి వస్తున్నాయంటే మాట బోర్డు దాటుతోందని అర్థం.

మరి ఆమెకి ఎందుకు కనబడలేదు? ఆమె మొద్దు మనిషి కాదు, ప్రేమ లేని మనిషీ కాదు. జస్టిన్ క్రూగర్, ఆయన తోటి పరిశోధకులు 2006లో ఆటపట్టించడం గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటపట్టించేవాళ్లకి తమ ఉద్దేశం మంచిదని లోపల తెలుసు కాబట్టి, అది ఎదుటివాళ్లకి కూడా తెలిసిపోతోందనే అనుకుంటారు. ఎదుటివాళ్లకి ఆ ఉద్దేశం అంతగా చేరదు, మాటే చేరుతుంది. కాబట్టి అదే మాటని అన్నవాళ్లకంటే పడ్డవాళ్లు చెడ్డగా తీసుకుంటారు. "సరదాకి అన్నా" అనేది పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే. ఆ సరదా ఆమె లోపల ఉంది. ఆయన చెవిన పడింది "నీతో ఏ పనైనా ఇంతే" అన్నది.

కాబట్టి మన ఉద్దేశాన్ని మనం తూకం వేసుకోవడం కంటే, వచ్చే జవాబుని వినడం మేలు. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి: ఎదురు మాట వస్తోందా, సంజాయిషీ వస్తోందా? "ముందు మూడు వెయ్యి చూద్దాం" అనేది ఎదురు మాట. అన్నవాడు ఇంకా ఆటలో ఉన్నాడు. "నేనేం చెయ్యను" అనేది సంజాయిషీ. అన్నవాడు బోనులో నిలబడ్డాడు. ఎంత నెమ్మదిగా చెప్పినా, పెదాల మీద నవ్వు ఉన్నా సరే, సంజాయిషీ మొదలైతే ఉడికించడం ఆపెయ్యాలి.

కొందరు సంజాయిషీ కూడా ఇవ్వరు. వాళ్ల దగ్గర ఇంకో గుర్తు కనిపిస్తుంది, రూల్స్ మీద గొడవ. "ఆ పాచిక బోర్డు అంచుకి తగిలింది, చెల్లదు", "నేను చెయ్యి తియ్యకముందే నువ్వెలా వేస్తావ్?" అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని నియమాలన్నీ ఒక్కసారిగా ముఖ్యమైపోతాయి. దీనికీ ఒక కారణం ఉంది. జెరెమీ యిప్, మారిస్ ష్వైట్జర్, సమీర్ నూర్‌మొహమ్మద్ 2018లో పోటీలో కవ్వింపు మాటల మీద వరసగా కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. కవ్వింపు పడ్డవాళ్లు మామూలు కంటే గట్టిగా ప్రయత్నించారు. ఎదుటివాళ్లని ఓడించాలన్న పట్టుదల పెరిగింది. దాంతోపాటు మోసం చేసే అవకాశమూ పెరిగింది. వాళ్లు చూసింది దంపతులని కాదు, కాబట్టి అది యథాతథంగా మన ఇంటికి వర్తిస్తుందని చెప్పను. కానీ గెలవాలన్న పట్టు, ఎదుటి మనిషి ఓడిపోవాలన్న కోరికగా మారడం ఈ గదిలో చాలామంది చూసే ఉంటారు. రూల్స్ గొడవ మొదలైతే ఎవరి మాట ఒప్పో తేల్చడానికి కూర్చోకండి. అంతకుముందు రెండు నిమిషాల్లో ఏ మాట అన్నారో వెనక్కి వెళ్లి చూసుకోండి.

ఆ ప్రయోగాల్లోనే ఇంకో ఫలితం ఉంది. కొత్త ఆలోచనలు అవసరమైన పనిలో కవ్వింపు పడ్డవాళ్లు వెనకబడ్డారు. వంట పోటీ పెట్టుకునే జంటలకి ఇది ఉపయోగపడుతుంది. ఇద్దరూ పొయ్యి ముందు నిలబడి ఉప్పు, కారం తూచుకుంటున్నప్పుడు పక్కనుంచి వచ్చే మాట చేతిని తడబెడుతుంది. మొదలుపెట్టకముందు ఎన్ని కోతలైనా కోసుకోండి, వడ్డించేశాక మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో గరిటెని దాని మానాన వదిలెయ్యండి.

సరే, మాట జారిపోయింది, సంజాయిషీ వచ్చేసింది. అప్పుడేం చెయ్యాలి? ఇక్కడ రెండు పొరపాట్లు చూశాను. ఒకటి, ఆట ఆపేసి పెద్ద క్షమాపణ మొదలుపెట్టడం. ఎదుటి మనిషికి అది ఇంకా ఇబ్బంది. లూడో ఆడుకుంటూ తాను నొచ్చుకున్నానని ఒప్పుకోవాల్సి వస్తుంది. రెండోది, జాలిపడి కావాలని ఓడిపోవడం. కాయని చంపగలిగీ చంపకుండా వదిలేస్తే ఎదుటివాళ్లు చూస్తూనే ఉంటారు. మొదటి మాటకంటే అది గట్టిగా తగులుతుంది. నా సలహా చాలా చిన్నది. "ఆ మాట ఆటది కాదు, తీసేస్తున్నా. నీ పందెం" అని పాచిక ఇవ్వండి. అంతే. తర్వాతి రెండు మూడు పందేలు మీ కోతలన్నీ మీ కాయ మీదే కొయ్యండి. ఎదుటి మనిషి నుంచి మళ్లీ ఒక ఎదురు మాట వచ్చాకే ఉడికించడం మొదలుపెట్టండి. రాకపోతే ఆ రాత్రికి మామూలుగా ఆడి ముగించండి.

లూడో గురించి ఇంతసేపు చెప్పాను గానీ, లూడోకి ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఓడిపోతే పాచిక మీద నెట్టెయ్యొచ్చు. క్విజ్‌లో అది లేదు. తెలియలేదంటే తెలియలేదు. అందులోనూ ఎవరికి ఏది ముఖ్యమన్నది చూసుకోవాలి. అబ్రహాం టెస్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లో ఒక సిద్ధాంతం చెప్పారు. మనకి బాగా దగ్గరివాళ్లు మనల్ని మించిపోతే రెండు రకాలుగా అనిపించవచ్చు. ఆ విషయం మనకి అంత ముఖ్యం కాకపోతే వాళ్లని చూసి గర్వపడతాం. మనం ఎవరిమన్నది దాని మీదే ఆధారపడి ఉంటే గుచ్చుకుంటుంది, దగ్గరివాళ్లు కాబట్టి ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఒక భర్త స్కూల్లో భూగోళం చెబుతాడనుకోండి, భార్య అకౌంట్స్ చూస్తుంది. స్నేహితుల ముందు క్విజ్. ఆస్ట్రేలియా రాజధాని ఏది? ఆయన తొందరలో సిడ్నీ అన్నాడు. ఆమె కాన్‌బెర్రా అని చెప్పి పాయింట్ కొట్టేసింది. అక్కడితో ఆగకుండా "పాపం పిల్లలు, వీళ్లకి ఏం నేర్పిస్తున్నాడో" అంది. ఇదే పొరపాటు ఆమె చేసి, ఇలాంటి మాటే ఆమె పడి ఉంటే, "నాకెందుకు, నా లెడ్జర్‌లో ఆస్ట్రేలియా లేదు" అని నవ్వేసేది. ఆయన నవ్వలేడు. పైగా పదిమంది ముందు ఎదురు మాట అనాలంటే ఆమె ఒక్కదానికే కాదు, అందరికీ జవాబు చెప్పినట్టవుతుంది. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు తేలిగ్గా పోయే మాట కూడా బయటివాళ్లు ఉన్నప్పుడు బరువెక్కుతుంది. అందుకని అతిథుల ముందు ఎవరి వృత్తి జోలికీ, ఎవరు ప్రాణంగా చూసుకునే విద్య జోలికీ పోకండి. ఆయనకి సినిమాల గురించి ఏమీ తెలియదని నవ్వండి, ఆయనే ముందు నవ్వుతాడు.

ఇందాక మొదలుపెట్టేముందు ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి ఒక ప్రశ్న అడిగింది. "మేము చెస్ ఆడతాం. ఎప్పుడూ ఆయనే గెలుస్తాడు. పైగా గెలుస్తానని ముందే చెప్తాడు. నాకు ఆట ఇష్టమే, ఆ మాటలే నచ్చవు. నేను మరీ సున్నితంగా ఉంటున్నానా?"

లేదమ్మా. ఇందాక నిజానికి దూరంగా ఉన్న మాట సురక్షితం అన్నాను కదా. ఎప్పుడూ ఓడిపోయే మనిషి "ఇవాళ నీకు చుక్కలు చూపిస్తా" అంటే అది ఇద్దరికీ నవ్వొచ్చే కోత. ఎప్పుడూ గెలిచే మనిషి అదే మాట అంటే అది కోత కాదు, జరగబోయేదే చెబుతున్నాడు. అతను ఎంత సరదాగా అన్నా అందులో ఆట మిగలదు. కాబట్టి ఎప్పుడూ గెలిచేవాళ్లకి కోతలు కోసే హక్కు కొంచెం తక్కువే. ఆ హక్కు ఓడిపోయేవాళ్లకి వదిలెయ్యాలి.

లేదా ఫలితం ముందే తెలియకుండా చేసుకోవాలి. చెస్‌లో దీనికి పాత పద్ధతులే ఉన్నాయి. బలమైనవాళ్లు ఒక గుర్రాన్ని తీసేసి ఆడతారు, తేడా ఎక్కువగా ఉంటే ఏనుగుని, మరీ ఎక్కువైతే మంత్రిని. లేదంటే క్లాక్ పెట్టుకుని, నీకు పదిహేను నిమిషాలు, అతనికి మూడు నిమిషాలు. క్లాక్‌తో ఆడటం నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే బోర్డు మీద ఇద్దరికీ సమానంగానే బలగాలు ఉంటాయి, చూడగానే ఎవరూ తక్కువగా కనబడరు. పది ఆటల్లో నాలుగైదు నువ్వు గెలిచేదాకా ఆ తేడాని సర్దుకుంటూ పోండి.

కానీ ఆ తేడా ఎంతో ఆట మొదలయ్యేముందే మాట్లాడుకుని, ఇక అక్కడితో వదిలెయ్యాలి. "మూడు నిమిషాలకే నిన్ను ఓడించా" అనే మాట ఆ ఇంట్లో రానే రాకూడదు. నువ్వు గెలిచిన రోజున అతను "నాకు టైమ్ తక్కువ కదా" అని మొదలుపెడితే మాత్రం, అమ్మా, అది సంజాయిషీ. ఆ రోజు నువ్వు ఇంకేమీ అనకుండా బోర్డు మళ్లీ సర్దు.